పై అధికారికి రాసే ఉత్తరం

ఆన్‌లైన్‌లో కొన్న వాషింగ్ మెషిన్ నెల తిరక్కుండానే నీళ్లు కారుస్తోంది. మెకానిక్ రెండుసార్లు వచ్చి వెళ్లాడు. కస్టమర్ కేర్ మాత్రం ‘సమస్య పరిష్కారమైంది’ అంటూ ఫిర్యాదును మూసేసింది. ఈ దశలో చాలామంది కోపమంతా ఈమెయిల్‌లో కుమ్మరిస్తారు. చదివే అధికారికి అందులో తేల్చడానికి ఏమీ దొరకదు.

2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఆన్‌లైన్ అమ్మకపు సంస్థ తన ఫిర్యాదుల అధికారి పేరు, సంప్రదించే వివరాలు వెబ్‌సైట్‌లో చూపాలి. ఆ అధికారి 48 గంటల్లో ఫిర్యాదు అందినట్లు తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి. ఉత్తరం ముందుగా వెళ్లాల్సింది అక్కడికే.

అందులో ఆర్డర్ నంబరు, కొన్న తేదీ, ఫిర్యాదు నంబర్లు వరసగా ఉండాలి. ‘మీవాళ్లు మోసగాళ్లు’ అనే బదులు ‘12న రబ్బరు మార్చారు, 14న మళ్లీ కారింది, వీడియో జతచేశాను’ అంటే కాదనడం కష్టం. చివర ఒకే కోరిక ఉండాలి: మెషిన్ మార్చాలా, డబ్బు వాపసు ఇవ్వాలా? దానికి గడువు తేదీ కూడా రాయాలి. కోరిక లేని ఉత్తరానికి తరచూ వచ్చేది క్షమాపణ మాత్రమే.

గడువు దాటితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి తెలుగులోనే చెప్పుకోవచ్చు. అక్కడ ఆ ఉత్తరమే ఆధారం.