వరి పచ్చలో మాయమైన ఎర్ర పేర్లు

పెళ్లి ఫ్లెక్సీ డిజైన్ దాదాపు అయిపోయింది. వరి చేను గట్టు మీద వధూవరులు, ఓ పక్క చెట్ల గుబురు, పైన తెల్లబారిన ఆకాశం. చేను మీదుగా తెల్లటి అక్షరాల్లో ఇద్దరి పేర్లు. ఆఖరి నిమిషంలో పెళ్లివారి పెద్దాయన డీటీపీ కుర్రాడి భుజం మీదుగా తొంగిచూస్తాడు. "శుభమా అని పెళ్లి చేస్తుంటే ఈ తెలుపేంటి బాబూ, ఎరుపు పెట్టు" అంటాడు. ఒక్క క్లిక్కుతో పని అయిపోతుంది. తెర మీద చూస్తే నిండుగానే ఉంటుంది. తీరా ఫ్లెక్సీ కట్టాక రోడ్డు అవతల నిలబడి చూస్తే, పెళ్లి ఎవరిదో అర్థం కాదు.

ఎరుపు, పచ్చ ఎక్కడా పొంతన లేని రంగులు కదా, మరి కలిసిపోవడమేమిటి? అక్షరాల సన్నని గీతలను కన్ను పట్టుకునేది ప్రధానంగా వెలుగు నీడల తేడాతో. ఎరుపా, పచ్చా అన్నది ఆ తర్వాతి సంగతి. తెర మీద కనిపించే వెలుగులో ఆకుపచ్చది సుమారు 72 శాతం వాటా, ఎరుపుది 21, నీలానిది 7. అందుకే ఎంత కొట్టొచ్చే ఎరుపైనా వెలుగు లెక్కలో ఓ మోస్తరుదే. ఎండపడిన వరి పచ్చ కూడా సరిగ్గా అక్కడే ఉంటుంది.

ఈ తేడాను కొలవడానికి వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ ఒక నిష్పత్తి పెట్టింది. తేడా ఏమీ లేకపోతే 1, తెలుపు మీద నలుపైతే 21. మామూలు అక్షరాలకు కనీసం 4.5, పెద్ద అక్షరాలకు 3 ఉండాలంటుంది. ఎనభై ఏళ్ల పెద్దలకు సాధారణంగా ఉండే చూపును దృష్టిలో పెట్టుకుని ఈ 4.5 నిర్ణయించారు. ఇది వెబ్ పేజీల కోసం రాసిన నియమమే గానీ, కొలబద్దగా ఫ్లెక్సీకీ పనికొస్తుంది.

మన పెళ్లి ఫొటోకే వద్దాం. చేను రంగు #4C8C2B అనుకుంటే, దాని మీద తెలుపుకు 4.1 వస్తుంది. పెద్ద అక్షరాలకు చాలు. అదే చోట అచ్చమైన ఎరుపు #FF0000 పెడితే వచ్చేది 1.03. అంటే తేడా లేనట్టే! తమాషా ఏమిటంటే అదే ఎరుపు చెట్ల నీడ మీదా, లేత ఆకాశం మీదా 3 దాటుతుంది. కుర్రాడు ఆకాశం దగ్గర ఓ చుక్క తీసుకుని కొలిచి "సరిపోయింది" అనుకుంటే, మోసం అక్కడే. ఫొటో మీద అక్షరానికి ఒకే నేపథ్యం ఉండదు. అక్షరాల కింద అతి దగ్గరగా కలిసిపోయే చోటు వెతికి కొలవాలి. సగటు లెక్క ఇక్కడ పనికిరాదు.

కొలిచే ఓపిక లేకపోతే బొమ్మను నలుపు తెలుపుల్లోకి మార్చి చూడటం తేలిక. దాంట్లోనూ ఓ తిరకాసు ఉంది. ఫొటోషాప్‌లో చేతికి అందేది Desaturate. అది అచ్చమైన ఎరుపునూ, పసుపునూ ఒకే బూడిద రంగుగా చూపిస్తుంది కాబట్టి దాని మాట నమ్మకూడదు. ఫైలు కాపీ చేసుకుని, ఆ కాపీలో Image > Mode > Grayscale వాడాలి. పేర్లు చేనులో కరిగిపోయాయా, ఇక ఆ ఎరుపు పనికిరాదు.

పెద్దాయన్ని నొప్పించకుండా పసుపుకు మారదామంటే, చేను మీద 3.8 వస్తుంది. బాగానే ఉంది. కానీ పేరు చివర ఆకాశంలోకి వెళితే అక్కడ 1.1కి పడిపోతుంది. ఇలాంటప్పుడు రంగు మార్చుకుంటూ పోతే తెల్లారిపోతుంది గానీ పని తెమలదు. మార్చాల్సింది నేపథ్యాన్ని. అక్షరాల వెనక నల్లటి పట్టీని 50 శాతం గాఢతతో వేస్తే, ఆకాశం మీద పసుపుకు 4.3 వస్తుంది. 60 శాతం చేస్తే 6 దాటుతుంది. పట్టీ అంచులను మెల్లగా కరిగిస్తే ఫొటో కూడా చెడదు. పట్టీ కింది ఆకులను కాస్త మసకబార్చడం ఇంకా మంచిది. నిష్పత్తి సరిపోయినా, అక్షరపు గీతంత సన్నని వరి ఆకులు అడ్డదిడ్డంగా ఉంటే కన్ను వాటినీ గీతలుగానే చదువుతుంది.

చాలామంది దీనికి బదులు అక్షరం చుట్టూ లావుపాటి స్ట్రోక్ వేసేస్తారు. ఇంగ్లిష్ పెద్దక్షరాలు దాన్ని కొంతవరకు తట్టుకుంటాయేమో గానీ, గుండ్రాలతో నిండిన తెలుగు తట్టుకోదు. స్ట్రోక్ అక్షరం కడుపులోకీ పాకుతుంది. థ లోపలి చుక్క పూడిపోతుంది, ద ఏదో ధ ఏదో తెలియదు, కింది ఒత్తులు ముద్దవుతాయి. సన్నని స్ట్రోక్, దానికి తోడు మెత్తని నీడ చాలు.

ముద్రణలో, ముఖ్యంగా తెర మీద మెరిసే ఎరుపులు ఇంకాస్త మందగిస్తాయి. కాబట్టి 3 దగ్గర ఆగకుండా 4.5 దాకా వెళ్లడమే క్షేమం. చివరగా డిజైన్‌ను ఫోన్‌లో బొటనవేలంత చేసి, చేయి చాచి చదివించాలి. పెళ్లివారితో మాత్రం కాదు. వాళ్లకు పేర్లు ముందే తెలుసు, కనిపించకపోయినా చదివేస్తారు. టీ ఇవ్వడానికి వచ్చిన అబ్బాయిని పిలిచి, ఈ పెళ్లి ఎవరిదో చెప్పమనండి.