250 గ్రాములు ఒక్కోదానికా, మొత్తానికా?

"కందిపొడి 250 గ్రా, 3 ప్యాక్, రూ. 435." ఆన్‌లైన్ అంగట్లో ఇలాంటి శీర్షిక కనబడితే ఏమని అర్థం చేసుకుంటారు? ఒక్కోటి 250 గ్రాములున్న మూడు ప్యాకెట్లు వస్తాయని కొందరు అనుకుంటారు. మూడు చిన్న ప్యాకెట్లూ కలిపి 250 గ్రాములని మరికొందరు అనుకుంటారు. మొదటి లెక్కన కిలో రూ. 580 పడుతుంది, రెండో లెక్కన రూ. 1,740. అమ్మేవాళ్ల మనసులో మోసం లేకపోవచ్చు. అయినా రెండో రకంగా చదివినవాళ్లు "ఇంత ధరా!" అని దాటిపోతారు. నిజంగా వచ్చేది 250 గ్రాములే అయి, మొదటి రకంగా చదివి కొన్నవాళ్లు సరుకు వెనక్కి పంపుతారు, ఒక నక్షత్రం ఇచ్చి "తక్కువ వచ్చింది" అని రాస్తారు.

ఇంట్లో పొడులు, పచ్చళ్లు తయారుచేసి ఆన్‌లైన్‌లో అమ్మే కుటుంబాలు ఈ చిక్కులో తరచూ పడుతున్నాయి. అసలు ఇబ్బంది "ప్యాక్" అన్న మాటతోనే. కత్తిరించి డబ్బాలో పోసుకునే చిన్న సంచినీ ప్యాక్ అంటాం, అలాంటివి మూడు కలిపి కట్టిన కట్టనూ ప్యాక్ అంటాం. అందుకని చిన్నదాన్ని ఎప్పుడూ ప్యాకెట్ అనే రాయాలి. ఒక్కోదాని బరువు, ఎన్ని, మొత్తం ఎంత అన్న మూడూ ఒకే వరసలో, ఒకదాని పక్కన ఒకటి ఉండాలి: "కందిపొడి, 250 గ్రా × 3 ప్యాకెట్లు, మొత్తం 750 గ్రా." ఫోన్ తెరమీద శీర్షిక చివరి భాగం కనబడదు కాబట్టి ఈ లెక్క పేరు వెనకే రావాలి. "రుచికరమైన, సంప్రదాయ, ఇంటి తయారీ" వంటి విశేషణాలన్నీ దాని తర్వాతే.

గ్రాముల్లో తూచనివాటికి ఈ జాగ్రత్త ఇంకా అవసరం. సాక్సులను జతల్లోనే లెక్కపెట్టాలి. "6 పీసులు" అంటే మూడు జతలా, ఆరు జతలా అన్న అనుమానం తప్పదు. అగరుబత్తీలకు పెట్టెలో ఎన్ని ప్యాకెట్లో, ప్యాకెట్‌కు ఎన్ని పుల్లలో రెండూ చెప్పాలి. "12 ప్యాక్" అంటే పన్నెండు పుల్లలని ఎవరైనా అనుకుంటే తప్పు వాళ్లది కాదు.

శీర్షిక సరిగ్గా రాసినా దాని కింద చిన్న అక్షరాల్లో వచ్చే యూనిట్ ధర తప్పు కావచ్చు. చాలా అమ్మకపు సైట్లలో వస్తువును చేర్చేటప్పుడు మొత్తం పరిమాణం నింపాల్సిన గడి ఒకటి ఉంటుంది. గ్రాముకు ఎంతో సైటు లెక్కకట్టేది దాన్నిబట్టే. చేతిలో ఉన్న ప్యాకెట్ మీద 250 అని ఉంది కాబట్టి అక్కడ 250 అనే కొడతారు. సైటు 435ను 250తో భాగించి గ్రాముకు రూ. 1.74 అని చూపిస్తుంది. అక్కడ 750 కొట్టి ఉంటే రూ. 0.58 వచ్చేది. ఒకే సరుకు మూడు రెట్లు ఖరీదుగా కనబడుతుంది, ఎందుకు అమ్ముడుపోవడం లేదో ఇంటివాళ్లకు అర్థం కాదు. దీన్ని పట్టుకోవడం తేలికే. తెరమీద కనబడే యూనిట్ ధరను శీర్షికలోని మొత్తం బరువుతో గుణించండి. అమ్మకపు ధర వస్తే సరే, రాకపోతే గడిలో ఏదో తప్పు పడిందన్నమాట. కొనేవాళ్లు కూడా ఈ గుణకారం చేసుకోవచ్చు.

మన దేశంలో ఈ యూనిట్ ధర చట్టంలో ఉన్నదే. 2011 నాటి తూనికలు కొలతల ప్యాకేజీ సరుకుల నియమాలను 2021లో సవరించి, ఎమ్మార్పీతోపాటు యూనిట్ ధర కూడా ముద్రించాలన్నారు. కిలోకు తక్కువైతే గ్రాముకు ఎంతో, కిలోకు మించితే కిలోకు ఎంతో రాయాలి. నియమం మంచిదే కానీ కొనేవాళ్లకు ఇందులో ఒక చిక్కుంది. మన కందిపొడినే మూడు ప్యాకెట్లుగా, అయిదు ప్యాకెట్లుగా అమ్ముతున్నారనుకుందాం. మూడింటి కట్ట 750 గ్రాములు, ధర రూ. 435, యూనిట్ ధర గ్రాముకు రూ. 0.58. అయిదింటి కట్ట 1.25 కిలోలు, ధర రూ. 700, యూనిట్ ధర కిలోకు రూ. 560. పక్కపక్కన 0.58, 560 అని చూసి ఏది చవకో ఎంతమంది చెప్పగలరు? 0.58ను వెయ్యితో గుణిస్తే 580 అని, అయిదింటి కట్టలో కిలోకు ఇరవై రూపాయలు కలిసివస్తుందని తెలుస్తుంది. ఆ గుణకారం కొనేవాళ్ల నెత్తిన వేయకూడదు. చట్టం అడిగింది ఉంచి, వివరణలో మాత్రం అన్ని కట్టలకూ "100 గ్రాములకు రూ. 58", "100 గ్రాములకు రూ. 56" అని ఒకే కొలతలో రాస్తే చాలు.

పెద్ద కట్ట అంటే చవక అని అందరం నమ్ముతాం. కాబట్టి మూడింటి కట్టలో ఒక్కో ప్యాకెట్ ధర విడి ప్యాకెట్ కంటే ఎక్కువ పడకుండా అమ్మేవాళ్లు చూసుకోవాలి. విడిగా కొంటే రవాణా ఖర్చు వేరుగా కలిపి, కట్టలో దాన్ని ధరలోనే కలిపేసినప్పుడు ఇలా జరుగుతుంది. అప్పుడు "రవాణా కలిపి" అన్న రెండు మాటలు ధర పక్కనే ఉండాలి. ప్యాకెట్ ఎమ్మార్పీ రూ. 150 అయితే మూడింటికి రూ. 450. అంతకు మించిన అంకె వేసి, దాన్ని కొట్టేసి 435 చూపించడం అబద్ధం.

"3 కొంటే 1 ఉచితం" మరో తలనొప్పి. బుట్టలో మూడు వేయాలా, నాలుగు వేయాలా? కట్ట ఒకటి వేస్తే నాలుగు ప్యాకెట్లూ వస్తాయా? ఉచితం మాట ఎంత పెద్దగా రాసుకున్నా పక్కన "మొత్తం 4 ప్యాకెట్లు, 1 కిలో, రూ. 450" అని తేల్చి చెప్పాలి.

రకరకాల సరుకులు కలిపిన కాంబో సంగతి వేరు. ఒకే సరుకు ఒకే బరువున్న ప్యాకెట్ల కట్టను ఒకలాగా, వేర్వేరు సరుకులు కలిపిన కట్టను మరోలాగా ఆ నియమాలే నిర్వచించాయి. 250 గ్రాముల కందిపొడి, 500 గ్రాముల ఆవకాయ, 200 మిల్లీలీటర్ల నెయ్యి కలిపి గ్రాముకు ఇంత అంటే దానికి అర్థమే లేదు. అక్కడ ఒక్కో సరుకు పరిమాణం, విడిగా కొంటే పడే ధర, అన్నీ కలిపి ఎంత తగ్గిందో చెప్పడమే న్యాయం. కాంబో శీర్షికలో "950 గ్రా" అన్న మొత్తం కనబడితే అందులో ఖరీదైనది ఎంత, చవకది ఎంత అని అడిగి తెలుసుకున్నాకే కొనండి.

ఫొటో సంగతీ ఇంతే. ఒక ప్యాకెట్ అమ్ముతూ అలంకారానికి మూడు ప్యాకెట్లు పేర్చి తీసిన బొమ్మ పెడితే, కింద ఏం రాసినా జనం బొమ్మనే నమ్ముతారు. ఎన్ని పంపుతారో అన్నే బొమ్మలో ఉండాలి. "మూడూ వస్తాయా?" అని ఎవరైనా ప్రశ్న పెట్టారంటే జవాబుతో ఊరుకోకుండా శీర్షికనే మార్చాలి. అడిగినవాళ్లు ఒకరైతే, అడక్కుండా వెళ్లిపోయినవాళ్లు ఇంకెందరో ఉంటారు.

కొనేవాళ్లకు ఒక మాట. డబ్బు కట్టే ముందు శీర్షిక, ధర, యూనిట్ ధర మూడూ కనబడేలా తెరను ఫొటో తీసి ఉంచుకోండి. వచ్చిన సరుకు ఆ లెక్కకు తగ్గితే ముందు అమ్మినవాళ్లకు ఆ ఫొటో పంపండి. వాళ్లు పట్టించుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు ఇవ్వవచ్చు.