వినాయక మండపానికి బట్ట ఎంత?

వినాయక చవితి మండపానికి వేసే రెండు వాలుల కప్పులో నేల కొలత ఒకటి, బట్ట కొలత మరొకటి. నేల మీద 16 అడుగుల వెడల్పు, 24 అడుగుల పొడవు ఉంటే 384 చదరపు అడుగుల చోటు అవుతుంది. కప్పుకు అంతే బట్ట తెస్తే చూరు దాకా రాదు. వాలుగా దిగే బట్ట నేల మీది వెడల్పు కన్నా ఎక్కువ దూరం పోతుంది కాబట్టి, మొదట తేల్చవలసింది వాలు పొడవు.

ఇదే మండపాన్ని ఉదాహరణగా తీసుకుందాం. పక్క రాటల ఎత్తు 9 అడుగులు. నడిమి వెన్ను దూలం నేల నుంచి 15 అడుగుల ఎత్తులో ఉంటుంది, అంటే చూరు కన్నా 6 అడుగులు పైన. వెన్ను నుంచి చూరుకు అడ్డ దూరం వెడల్పులో సగం, 8 అడుగులు. ఈ 6, 8 లంబకోణ త్రిభుజానికి రెండు భుజాలు, వాలు దాని కర్ణం. 36, 64 కలిపితే 100, దాని వర్గమూలం 10. ఒక్కో వాలు 10 అడుగులు. వాన నీరు గోడ మీదికి కారకుండా చూరు దాటి ఇంకో అడుగు వేలాడాలి కనుక 11 అడుగులు లెక్క వేయాలి.

ఇప్పుడు కప్పు రెండు వాలులకు 11 × 24 చొప్పున 528 చదరపు అడుగులు. ముందు భాగం దర్శనానికి తెరిచి ఉంటుంది కాబట్టి గోడలు మూడే. పొడవు గోడలు రెండూ 432, వెనక గోడ 144. కప్పు కింద ముందూ వెనకా మిగిలే ముక్కోణాలు ఒక్కోటి 16 × 6లో సగం, 48. రెండూ కలిపి 96. మొత్తం 1,200 చదరపు అడుగులు. ఇది కంటికి కనిపించే బట్ట మాత్రమే. కుట్టులోకీ మడతలోకీ పోయేది ఇందులో లేదు.

బట్ట చదరపు అడుగుల్లో దొరకదు, పన్నా చొప్పున దొరుకుతుంది. ఇక్కడ 58 అంగుళాల పన్నా ఉన్న పాలిస్టర్ బట్ట అనుకుందాం. రెండు పట్టాలను కలిపేటప్పుడు ఒకదాని అంచును రెండోదానిలోకి మడిచి రెండు వరసల కుట్టు వేస్తే నీరు తేలిగ్గా దిగదు, గాలికి చిరగదు. ఈ కుట్టు ఒక్కోదానికి 2 అంగుళాల బట్ట పోతుంది. తాడు దూర్చడానికి బయటి అంచులన్నిటా 3 అంగుళాల మడత కావాలి.

కప్పు పట్టాలను ఒక చూరు నుంచి వెన్ను మీదుగా రెండో చూరు దాకా ఒకే ముక్కగా పరచాలి. అలా వేస్తే కుట్లు నీరు జారే దారిలోనే ఉంటాయి. పట్టాలను అడ్డంగా పరిస్తే కుట్టు దగ్గర నీరు నిలిచి, సూది రంధ్రాల గుండా లోపలికి చెమ్మ దిగుతుంది. ఒక్కో పట్టా పొడవు 11, 11, రెండు అంచుల మడతకు అర అడుగు, మొత్తం 22.5 అడుగులు. ఎన్ని పట్టాలు? మండపం పొడవు 288 అంగుళాలు, మడతలతో 294. ఐదు పట్టాలకు నాలుగు కుట్లు పోను 282 అంగుళాలే వస్తుంది, 12 తక్కువ. ఆరు వేస్తే 338, అంటే 44 అంగుళాలు ఎక్కువ. ఆరే వేయక తప్పదు. మండపాన్ని 23 అడుగులకు తగ్గించుకుంటే మాత్రం ఐదు పట్టాలు సరిగ్గా సరిపోయేవి. రాటలు పాతక ముందే ఈ లెక్క చూసుకోవడం అందుకే. ఆరు పట్టాలకు కప్పు ఖర్చు 135 అడుగుల బట్ట.

గోడల దగ్గర లెక్క తిరగబడుతుంది. ఎత్తు 108 అంగుళాలు, పైనా కిందా మడతలతో 114. రెండు పన్నాలు అడ్డంగా కలిపితే ఒక కుట్టు పోను సరిగ్గా 114 వస్తుంది. ఒక్కో పొడవు గోడకు 24.5 అడుగుల ముక్కలు రెండు, అంటే 49 అడుగులు చాలు. అదే గోడను నిలువు పట్టాలతో కుడితే 9.5 అడుగుల ముక్కలు ఆరు కావాలి, అది 57 అడుగులు. గోడ మీద నీరు నిలవదు కాబట్టి అడ్డ కుట్టు పనికొస్తుంది. పై ముక్క మాత్రం పెంకు మీద పెంకులా కింది ముక్కకు బయటి వైపు దిగాలి. రెండు పొడవు గోడలకు 98, వెనక గోడకు 16.5 అడుగుల ముక్కలు రెండు, 33 అడుగులు.

బట్ట ఎక్కువగా వృథా అయ్యేది ముక్కోణాల దగ్గర. ఒక్కోదాన్ని నడిమికి చీల్చితే రెండు లంబకోణ ముక్కలవుతాయి. చుట్టూ 3 అంగుళాల మడత కలిపితే ముక్క భుజాలు 9 అడుగులు, 6 అడుగుల 9 అంగుళాలు. అదే కొలతల దీర్ఘచతురస్రాన్ని మూల నుంచి మూలకు కోస్తే రెండు ముక్కలూ వస్తాయి. ఒక దీర్ఘచతురస్రానికి రెండు పన్నాలు కలిపి 6 అడుగుల 9 అంగుళాల చొప్పున కోస్తే 13.5 అడుగుల బట్ట పడుతుంది. రెండోదానికి కొత్త బట్ట అక్కర్లేదు. కప్పులో మిగిలిన 44 అంగుళాల పట్టీని సగానికి కోసి పక్కపక్కన కుడితే 86 అంగుళాల వెడల్పు, 11 అడుగుల 3 అంగుళాల పొడవు వస్తుంది. అది సరిపోతుంది. బట్టకు ఒకవైపే రంగు ఉంటే ఒక దీర్ఘచతురస్రాన్ని కుడి మూల నుంచి, రెండోదాన్ని ఎడమ మూల నుంచి కోయాలి. లేకపోతే ముక్కలన్నీ ఒకే వైపువి అయిపోతాయి. ఏటవాలు కోత పడుగునూ పేకనూ అడ్డంగా తెంపుతుంది కాబట్టి ఆ అంచు లాగితే సాగుతుంది. దాని వెంట నవారు వేసి కుట్టకపోతే రెండు రోజుల్లో వంకర తిరిగి జారుతుంది.

అన్నీ కలిపితే 135, 98, 33, 13.5, మొత్తం 279.5 అడుగులు, అంటే 85.2 మీటర్లు. పన్నాతో గుణిస్తే 1,351 చదరపు అడుగులు. కనిపించే 1,200 కన్నా దాదాపు 12.6 శాతం ఎక్కువ. మరకలకూ తాను చివరి ముక్కలకూ మరో 3 శాతం చేర్చితే 88 మీటర్లు కొనాలి. 1,200ను పన్నాతో భాగించి ఊరుకుంటే 76 మీటర్లే తేలుతుంది, 12 మీటర్లు తక్కువ పడుతుంది.

ఈ లెక్క తప్పే చోట్లు ముఖ్యంగా మూడు. ఒకటి పన్నా. 58 అని చెప్పిన బట్ట టేపు పెడితే 57 ఉండవచ్చు. అప్పుడు గోడకు 112 అంగుళాలే వస్తుంది, మడతలు ఒక్కో అంగుళం తగ్గించుకోవాలి. రెండోది తాను పొడవు. 20 మీటర్ల తానులో కప్పు పట్టాలు రెండు పోను 20 అడుగులకు కాస్త పైన మిగులుతుంది. అది మూడో పట్టాకు చాలదు, వెనక గోడ ముక్కకు సరిపోతుంది. కాబట్టి పెద్ద ముక్కలు ముందు కోసి, మిగిలినవాటిలో చిన్నవి చూసుకోవాలి. మూడోది నూలు బట్ట. ఉతకని నూలు తడిస్తే కుదించుకుంటుంది. మీటరు ముక్కను తడిపి ఆరబెడితే 97 సెంటీమీటర్లే ఉందనుకుంటే, ప్రతి ముక్క పొడవుకూ 3 శాతం అదనంగా కలిపి కోయాలి. పన్నా వైపు కూడా అలాగే కొలిచి చూడాలి. అటు కుదించుకుంటే పొడవు కలిపి లాభం లేదు, పట్టాల లెక్కే మళ్లీ వేయాలి.