రాసింది 2.2, అందింది 1.6

ఐసీయూలో పడుకున్న మనిషి తొడలు వారం తిరిగేసరికి సన్నబడిపోవడం బంధువులు కళ్లారా చూస్తుంటారు. ప్రోటీన్ దండిగా ఎక్కిస్తే కండ కరగదు కదా అన్న ఆశ డాక్టర్లకూ ఉండేది. దాన్ని తేల్చుకోవడానికి చేసిన ‘ఎఫర్ట్ ప్రోటీన్’ ట్రయల్ 2023లో లాన్సెట్‌లో అచ్చయింది. పీజీ డాక్టర్లు ఒక పరిశోధనను చదువుకొచ్చి, సీనియర్ల ముందు దాని బలాబలాలు విప్పి చెప్పే సమావేశాన్ని జర్నల్ క్లబ్ అంటారు. అక్కడ చర్చించడానికి చక్కగా పనికొచ్చే ట్రయల్ ఇది.

16 దేశాల్లోని 85 ఐసీయూల్లో, వెంటిలేటర్ మీదున్న దాదాపు 1,300 మందిని లాటరీ పద్ధతిలో రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు ఒంటి బరువులో కిలోకు రోజుకు 2.2 గ్రాములు లేదా అంతకు మించి, రెండో జట్టుకు 1.2 లేదా అంతకు తక్కువ ప్రోటీన్ ఇవ్వాలని నియమం. 60 రోజుల్లోపు ప్రాణాలతో ఇంటికి వెళ్లినవాళ్లు ఎక్కువ ప్రోటీన్ జట్టులో 46.1 శాతం, మామూలు జట్టులో 50.2 శాతం. ఈ తేడా యాదృచ్ఛికమై ఉండొచ్చు గానీ, లాభం మాత్రం కనిపించలేదు.

అంతటితో పేపరు మూసేస్తే అసలు విషయం జారిపోతుంది. లోపలి పట్టిక చూడాలి. రోగులకు నిజంగా అందింది సగటున 1.6, 0.9 గ్రాములే. 60 కిలోల మనిషి లెక్కలో చూస్తే, రాసింది 132 గ్రాములు, కడుపులోకి చేరింది 96. ఐసీయూలో పనిచేసినవాళ్లకు ఇది వింతేమీ కాదు. స్కానింగ్‌కు తీసుకెళ్లేటప్పుడు, ఆపరేషన్‌కు ముందు, కడుపులో పాలు నిలిచిపోయినప్పుడు ముక్కు గొట్టంలో ఫీడ్ ఆపేస్తారు. పోయిన గంటలను పూడ్చేవాళ్లు అరుదు. కాబట్టి 2.2 గ్రాములు పనిచేయదని ఈ ట్రయల్ నిరూపించినట్టు కాదు. 1.6 గ్రాములు 0.9 కంటే మెరుగని చూపలేకపోయింది, అంతే.

ఇంకో బలహీనత కూడా ఉంది. 4,000 మందిని తీసుకోవాలనుకుని మూడో వంతు దగ్గరే ఆపేశారు. సంఖ్య తగ్గితే చిన్నపాటి మేలో కీడో కంటికి ఆనదు.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది కిడ్నీ దెబ్బతిన్న రోగుల లెక్క. ఎక్కువ ప్రోటీన్ వీళ్లకు హాని చేసినట్టు కనిపించింది. కారణం ఊహించగలం: శరీరం వాడుకోలేని ప్రోటీన్ యూరియాగా మారుతుంది, దాన్ని బయటికి పంపాల్సిన కిడ్నీ అప్పటికే చేతులెత్తేసి ఉంటుంది. ఉపజట్ల ఫలితాలను రుజువుగా తీసుకోకూడదని జర్నల్ క్లబ్‌లో ఎవరో ఒకరు తప్పక గుర్తుచేస్తారు. నిజమే. అయినా క్రియాటినిన్ పెరుగుతున్న రోగికి ప్రోటీన్ డోసు పెంచమని నేనైతే రాయను.