బుధవారానికల్లా గొంతు ఎందుకు పోతుంది?

హైస్కూల్లో సోషల్ చెప్పే ఒక టీచరు వారాన్ని చూద్దాం. సోమవారం ప్రేయర్ దగ్గర ఆవిడ గొంతు ఖంగున మోగుతుంది. మంగళవారం ఆఖరి పీరియడ్‌కి బరువెక్కుతుంది. బుధవారం మధ్యాహ్నానికి మాట మధ్యలో ఉత్త గాలే వస్తుంది. హాజరు పిలవడానికి క్లాస్ లీడర్‌ని లేపాల్సి వస్తుంది. ఆదివారానికి కుదుటపడి, సోమవారం మళ్లీ మొదలు. జలుబు లేదు, జ్వరం లేదు. ఫ్రిజ్ నీళ్లు తాగి ఉంటావని ఇంట్లోవాళ్లు తేల్చేస్తారు.

తప్పు నీళ్లది కాదు. మనం మాట్లాడేటప్పుడు గొంతులోని రెండు స్వరతంతువులు ఒకదానికొకటి తగులుతూ కంపిస్తాయి. ఆడవాళ్లలో మామూలు మాటకే సెకనుకు 200 సార్లు, మగవాళ్లలో దాదాపు అందులో సగం. 45 నిమిషాల పీరియడ్‌లో ఆవిడ గొంతు 20 నిమిషాలే పలికిందనుకున్నా, ఆ తాకిడి 2 లక్షల 40 వేలసార్లు జరిగినట్టు. రోజుకు ఆరు పీరియడ్లు. స్థాయి పెంచి అరిస్తే సంఖ్యా పెరుగుతుంది, దెబ్బ బలమూ పెరుగుతుంది. తంతువులు కొద్దిగా వాస్తాయి. వాచినవి సులువుగా కదలవు కాబట్టి ఇంకాస్త బలంగా గాలి తోయాలి, అలా తోస్తే వాపు ఇంకా పెరుగుతుంది. ఒక్క రాత్రి నిద్రలో ఆ వాపు పూర్తిగా తీయదు. మిగిలింది మంగళవారం మీద, అక్కడ మిగిలింది బుధవారం మీద పడుతుంది. ఏళ్ల తరబడి ఇలాగే సాగితే, పార పట్టిన చేతికి కాయలు కాసినట్టు, తంతువులు గట్టిగా తగిలే చోట రెండు వైపులా బొడిపెలు లేస్తాయి.

అరవకుండా ఉండొచ్చుగా అంటారు. అది మన చేతిలో పూర్తిగా లేదు. చుట్టూ చప్పుడు పెరిగితే మనకు తెలియకుండానే గొంతు పెంచుతామని ఎతియెన్ లొంబార్డ్ అనే ఫ్రెంచి గొంతు వైద్యుడు 1911లోనే చెప్పాడు. గరగరలాడే ఫ్యాను, పక్క క్లాసు ఎక్కాలు, కిటికీ అవతల రోడ్డు... టీచరు వీటన్నిటితో పోటీ పడుతున్నారు. అందుకే నా ఓటు ముందు నడుముకు కట్టుకునే చిన్న మైకుకే. ఒకటి రెండు వేల రూపాయల్లో దొరుకుతుంది. పెట్టుకున్నాక ఎదురుగా కూర్చున్న మనిషితో మాట్లాడినట్టే మాట్లాడాలి. మైకు పెట్టుకుని కూడా అరిస్తే దండగ. అది లేనప్పుడు కిటికీ మూసి, బోర్డు వైపు తిరిగి మాట్లాడటం మానేసి, గోల అణచడానికి చప్పట్లో డస్టరో వాడాలి.

మిరియాల కషాయం, పటికబెల్లం మాటేమిటి? మింగిన ఏ వస్తువూ స్వరతంతువులకు తగలదు, తగిలితే పొలమారుతుంది. గొంతుకు హాయినిస్తాయి, అంతే. నీళ్లు కూడా రక్తం ద్వారానే అక్కడికి చేరాలి కనుక, గొంతు ఎండాక గటగటా తాగడం కంటే పొద్దుటి నుంచే కొద్దికొద్దిగా తాగడం మేలు. పీల్చే ఆవిరి మాత్రం నేరుగా తగులుతుంది. ఇక మాటిమాటికీ గొంతు సవరించుకోవడం తంతువుల్ని గట్టిగా కొట్టించడమే. అలా అనిపించినప్పుడు ఒక గుక్క నీళ్లు మింగండి. గొంతు పోయినప్పుడు బలవంతంగా గుసగుసలాడటం విశ్రాంతి అనుకోకండి. దానికన్నా మౌనం నయం.

స్వర చికిత్సకులు నేర్పే ఒక సాధన పీరియడ్ల మధ్య చేసుకోవచ్చు. సగం గ్లాసు నీళ్లలో స్ట్రాని రెండు వేళ్ల లోతున ముంచి, బుడగలు వచ్చేలా మెల్లగా 'ఊ' అనాలి. కింది స్థాయి నుంచి పైకి, పై నుంచి కిందికి, రెండు మూడు నిమిషాలు. నీళ్ల ఒత్తిడి వెనక్కి తోయడంతో తంతువులు గట్టిగా కొట్టుకోకుండానే కంపిస్తాయి. పెదాల దగ్గర జుమ్మంటుంటే సరిగా చేస్తున్నట్టు. గొంతు పిసికినట్టుంటే గాలి తగ్గించాలి. పక్క టీచర్లు నవ్వితే వాళ్లకీ ఒక స్ట్రా ఇవ్వండి.

వాపు ఉందో లేదో కనిపెట్టే చిన్న ఉపాయమూ ఉంది. పొద్దున్నే ఏదైనా లాలిపాట పల్లవిని పై స్థాయిలో, వీలైనంత మెల్లగా పాడి చూడండి. సోమవారం పలికిన స్వరం బుధవారం తెగుతూనో, ఆలస్యంగానో వస్తే ఆ రోజు పాఠాన్ని పిల్లల చేత చదివించి, గుంపులుగా పని ఇవ్వాలి. మామూలు మాట ఇంకా బాగానే ఉన్నప్పుడు కూడా ఈ తేడా బయటపడుతుంది.

బొంగురు నాలుగు వారాలకు తగ్గకపోతే చెవి-ముక్కు-గొంతు డాక్టరు చేత స్వరపేటికను చూపించుకోవాలి. ఊపిరి కష్టమైనా, మింగడం ఇబ్బందైనా, దగ్గులో రక్తం కనిపించినా, మెడలో గడ్డ తగిలినా అన్నాళ్లు ఆగకూడదు. బొడిపెలని తేలితే కంగారుపడనక్కర్లేదు. వాటికి తొలి వైద్యం కత్తి కాదు, స్వర చికిత్స.