బాంక్వెట్ కెప్టెన్ కావలెను

హోటల్ హాలులో జరిగే విందును దగ్గరుండి నడిపించే ఉద్యోగి బాంక్వెట్ కెప్టెన్. పైన బాంక్వెట్ మేనేజర్, కింద స్టివార్డులు ఉంటారు. బుకింగు, ధర, పార్టీతో ఒప్పందం మేనేజర్ చూసుకుంటే, హాలు తలుపులు తెరిచాక జరిగేదంతా కెప్టెన్ పూచీ. విజయవాడ, వరంగల్ లాంటి ఊళ్లలోని మధ్యతరహా హోటళ్లలో ఈ తేడా అంతగా పాటించరు. ముహూర్తాల రోజుల్లో రెండు హాళ్లూ నిండితే మేనేజర్ ఒకచోట, కెప్టెన్ ఒకచోట నిలబడాల్సిందే. కాబట్టి ఉద్యోగ ప్రకటన ఆ బాధ్యతను ఉన్నదున్నట్టు చెప్పాలి. అలాంటి ప్రకటన ఇలా ఉంటుంది:

‘90 గదులు, రెండు హాళ్లు ఉన్న హోటల్‌కు బాంక్వెట్ కెప్టెన్ కావలెను. పెద్ద హాలులో 300 మందికి విందు జరుగుతుంది. హోటల్ మేనేజ్‌మెంట్ డిప్లొమా, రెండేళ్ల బాంక్వెట్ అనుభవం ఉండాలి. డిప్లొమా లేకుంటే స్టివార్డుగా నాలుగేళ్ల అనుభవం చాలు. తెలుగు, హిందీ, ఇంగ్లీషు మాట్లాడగలగాలి. రాత్రి ఫంక్షన్లు ఉంటాయి, వారాంతాల్లో సెలవు ఉండదు. వారపు సెలవు మరో రోజు ఇస్తాం. రాత్రి 11 దాటితే ఇంటికి వాహనం, డ్యూటీలో భోజనం, సర్వీస్ చార్జీలో వాటా ఉంటాయి.’

చాలా ప్రకటనలు ‘కష్టపడే తత్వం, చిరునవ్వు’ అని రాసి పనివేళల దగ్గర మౌనం వహిస్తాయి. చేరినవారు నెల తిరక్కుండా మానేయడానికి ఆ మౌనమే పెద్ద కారణం.

కెప్టెన్ పని ఫంక్షన్ ప్రాస్పెక్టస్ అనే కాగితంతో మొదలవుతుంది. హోటల్ వాళ్లు దాన్ని ఎఫ్‌పీ అంటారు. వేళ, మెనూ, కుర్చీల అమరిక, ప్లేటు ధర, గ్యారంటీ సంఖ్య అందులో ఉంటాయి. గ్యారంటీ అంటే, అతిథులు తక్కువగా వచ్చినా పార్టీ డబ్బు చెల్లించాల్సిన ప్లేట్ల సంఖ్య. కిచెన్ సాధారణంగా దానికి 5 నుంచి 10 శాతం ఎక్కువ వండుతుంది. ఆ సంఖ్యను బట్టే కెప్టెన్ మనుషులను అడగాలి. బఫేకి పాతిక మందికి ఒక స్టివార్డు సరిపోతే, టేబుల్ దగ్గరకే వడ్డించే విందుకు పది పన్నెండు మందికి ఒకరు కావాలి. పెళ్లిళ్ల సీజన్లో వీళ్లలో చాలామంది ఆ పూట కూలికి వచ్చే క్యాజువల్స్. వాళ్లకు ఆ హాలూ తెలియదు, ఆ మెనూ తెలియదు. అందుకే విందుకు ముందు పది నిమిషాల బ్రీఫింగ్ తప్పనిసరి. ఏ కౌంటర్ ఎవరిది, ఏ వంటకంలో వేరుశనగ, జీడిపప్పు పడ్డాయి, మాంసాహారపు గరిటె శాకాహారం వైపు ఎందుకు రాకూడదు అన్నవి అప్పుడే చెప్పాలి.

ఒక రిసెప్షన్‌ను ఉదాహరణగా తీసుకుందాం. గ్యారంటీ 250, ఎఫ్‌పీలో విందు వేళ రాత్రి 7:30. జనం మాత్రం 8:30కి వస్తారు, వచ్చినవారు ముందు ఫొటో కోసం వేదిక దగ్గర వరుసలో నిలబడతారు. 7:30కే అన్ని చేఫింగ్ డిష్‌లూ నింపేస్తే జనం వచ్చేసరికి పులావు ఎండిపోతుంది. అందువల్ల కెప్టెన్ మొదట స్టార్టర్లు మాత్రమే తిప్పించి, వేదిక వరుస పల్చబడే వేళకు బఫే తెరిపించాలి. వేడి వంటకం 60 డిగ్రీల సెల్సియస్‌కు తగ్గకూడదు. పాత్ర అడుగంటకముందే కొత్త పాత్ర రావాలి. మిగిలిన పాతదాని మీద కొత్తది పోయకూడదు.

అసలు తగవు ప్లేట్ల లెక్క దగ్గర వస్తుంది. బఫే తెరిచే ముందు కౌంటర్లో 275 ప్లేట్లు పెట్టారు. ఆ సంఖ్యను పెళ్లివారి తరఫు మనిషికి చూపించి సంతకం తీసుకున్నారు. 9:30కి 210 ప్లేట్లు వెళ్లిపోయాయి, వేదిక దగ్గర ఇంకా డెబ్బై ఎనభై మంది ఉన్నారు. గ్యారంటీ దాటబోతోందని కెప్టెన్ అప్పుడే చెప్పాలి. ఆ మాట కిచెన్‌కూ, పెళ్లివారికీ ఒకేసారి చేరాలి. ఒప్పుకున్నాక మరో 25 ప్లేట్లు తెప్పించారు. చివరికి 12 మిగిలితే వాడినవి 288, గ్యారంటీ మీద అదనం 38. ఇదే మాట రాత్రి పన్నెండింటికి బిల్లుతో పాటు చెబితే గొడవ ఖాయం. రెండోసారి వడ్డించుకోవడానికి కొత్త ప్లేటు తీసుకున్న అతిథి లెక్కలో ఇద్దరవుతాడన్నది మరో చిక్కు. వాడిన ప్లేటు చేతి నుంచి తీసుకునేముందు ‘ఇంకేమైనా తీసుకుంటారా అండీ’ అని అడగడం స్టివార్డులకు నేర్పితే ఇది చాలావరకు తగ్గుతుంది. చిన్నపిల్లల ప్లేట్ల సంగతి మాత్రం ఎఫ్‌పీలోనే తేల్చుకోవాలి.

విందు ముగిశాక గుడ్డలు, చెంచాలు, గాజు సామాను లెక్కపెట్టించి, పగిలినవి రాసి, బిల్లు మీద సంతకం తీసుకుని, తెల్లవారి ఫంక్షన్‌కు హాలు అప్పగించడంతో డ్యూటీ ముగుస్తుంది.

ఈ ఉద్యోగానికి అభ్యర్థిని ఎంచుకోవడానికి వట్టి ప్రశ్నల కంటే ఒక పాత ఎఫ్‌పీ ఎక్కువ పనికొస్తుంది. దాన్ని చేతికిచ్చి, ఎంతమంది స్టివార్డులు కావాలో, బఫే ఎప్పుడు తెరవాలో, 210వ ప్లేటు దగ్గర ఎవరితో ఏం చెప్పాలో అడగాలి. అనుభవం ఉన్నవారు జవాబు చెప్పే ముందు ఆ కాగితంలో లేని వివరాలు ఎదురు అడుగుతారు.