కారం బస్తాతో వచ్చే కాగితం

ఆవకాయ సీజన్ దగ్గర పడగానే, చిన్న స్థాయిలో పచ్చళ్ళు పట్టి అమ్మేవాళ్ళు యాభై కిలోలో వంద కిలోలో కారం ఒకేసారి తెప్పించుకుంటారు. మిల్లువాళ్ళు సరుకుతోపాటో, అంతకు ముందే వాట్సాప్‌లోనో ఒక పేజీ కాగితం పంపుతారు. పైన మిల్లు పేరు, మధ్యలో పట్టిక, కింద సంతకం, స్టాంపు. దీన్నే సర్టిఫికెట్ ఆఫ్ అనాలిసిస్ అంటారు, వ్యాపారుల నోట్లో సీఓఏ. కొనేవాళ్ళలో ఎక్కువమంది కింద ‘పాస్’ అని ఉందో లేదో చూసి ఫైల్లో పెట్టేస్తారు. ఆ మాటను అన్నిటికన్నా చివర చూడాలని నేనంటాను.

ఉదాహరణకి మన చేతికి ఇలాంటి కాగితం ఒకటి వచ్చిందనుకుందాం. సరుకు: కారం పొడి. బ్యాచ్ నంబరు సీపీ-2417. తయారీ తేదీ మార్చి 12, రిపోర్టు తేదీ మార్చి 14. తేమ 10 శాతం, పరిమితి 11. మొత్తం బూడిద 7.4 శాతం, పరిమితి 8. అఫ్లాటాక్సిన్లు కిలోకి 12 మైక్రోగ్రాములు, పరిమితి 30. సుడాన్ రంగులు కనబడలేదు. సాల్మొనెల్లా 25 గ్రాముల్లో లేదు. అన్నిటికీ ఎదురుగా పాస్.

ముందుగా బ్యాచ్ నంబరు. ఒక విడతలో ఆడించి, కలిపి, సంచులకెత్తిన సరుకంతా ఒక బ్యాచ్. కాగితం మీద ఉన్న అంకెలన్నీ ఆ ఒక్క విడతకే చెల్లుతాయి. కాబట్టి బస్తా నోటి దగ్గర కుట్టిన ట్యాగ్ మీదున్న నంబరు, కాగితం మీది నంబరు అక్షరం పొల్లుపోకుండా కలవాలి. నాలుగు బస్తాలు దిగితే నాలుగు ట్యాగులూ చూడాలి. మూడింటి మీద 2417 ఉండి నాలుగోదాని మీద 2409 ఉంటే, ఆ నాలుగో బస్తాకి మన దగ్గర ఏ కాగితమూ లేనట్టే. అడిగితే “అంతా ఒకటే సరుకండీ, అందరికీ ఇదే పేపరు ఇస్తాం” అంటారు. అందరికీ ఒకే పేపరు ఇస్తున్నారంటే ఎవరి బస్తానూ పరీక్షించలేదేమో అనుకోవాల్సి వస్తుంది. ఇంతకు ముందు రెండు బ్యాచ్‌ల కాగితాలు కూడా పంపమని అడగండి. మిరపకాయ పొలం పొలానికీ మారే పంట. మూడు బ్యాచ్‌లలోనూ తేమ, బూడిద దశాంశాలతో సహా ఒకేలా ఉన్నాయంటే అవి కొలిచిన అంకెలు కావు, కాపీ చేసినవి.

ఈ నంబరు విలువేమిటో 2005లో బ్రిటన్‌లో తెలిసొచ్చింది. సుడాన్ రంగు కలిసిన కారం ఒక సాస్‌లోకి వెళ్ళింది. ఆ సాస్ వాడి చేసిన వందల రకాల తినుబండారాలను దుకాణాల నుంచి వెనక్కి తెప్పించాల్సి వచ్చింది. ఏ సీసాలో ఏ బ్యాచ్ కారం పడిందో రాసి పెట్టుకున్నవాళ్ళు ఆ సీసాలను మాత్రమే తెప్పించుకుంటే సరిపోతుంది. రాసుకోనివాళ్ళు అమ్మిందంతా వెనక్కి తీసుకోవాలి.

ఆ తర్వాత తేదీలు. సాల్మొనెల్లా పరీక్షను మామూలు కల్చర్ పద్ధతిలో చేస్తే బ్యాక్టీరియా పెరిగి కనబడటానికి నాలుగైదు రోజులు పడుతుంది. మన కాగితంలో కారం ఆడించింది 12న, ఫలితం వచ్చింది 14న. త్వరగా తేల్చే పద్ధతులు లేకపోలేదు. అయితే అలాంటిది వాడినట్టు పరీక్షా పద్ధతి గడిలో రాసి ఉండాలి. ఆ గడి ఖాళీగా ఉంటే ఆ ‘లేదు’ ఎక్కడి నుంచి వచ్చిందని అడగాల్సిందే.

ఇక బూడిద. కారాన్ని కొలిమిలో పూర్తిగా కాల్చేస్తే మిగిలేది బూడిద. కాయలో సహజంగా ఉండే ఖనిజాలతోపాటు, కల్లంలో నేల మీద ఆరబోసినప్పుడు అంటుకున్న మట్టీ ఇసుకా కూడా అందులోనే తేలతాయి. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధన ప్రకారం కారంలో మొత్తం బూడిద 8 శాతం దాటకూడదు. ఆ 8 శాతం లెక్క తేమను తీసేసిన పొడి బరువు మీద. మన కాగితంలో 7.4 పక్కన ‘ఉన్నది ఉన్నట్టుగా’ అని చిన్న అక్షరాల్లో ఉందనుకోండి. అంటే తేమతో కలిపి తూచారు. వంద గ్రాముల కారంలో పది గ్రాములు నీరే కాబట్టి అసలు కారం తొంభై గ్రాములు. 7.4ని 90తో భాగించి వందతో గుణిస్తే 8.2 వస్తుంది. పాస్ అని రాసిన సరుకు పరిమితి దాటేసింది. ఫలితం పక్కనే పరిమితి ఉంటే కళ్ళు ఆ రెండు అంకెలనే పోలుస్తాయి. రెండూ ఒకే లెక్కలో ఉన్నాయా లేదా అన్నది మనం చూసుకోవాలి.

పరిమితి గడిలో ఉన్న అంకె ఏ దేశానిదో కూడా చూడాలి. సరిగా ఎండని కాయకో, వానకి తడిసిన కాయకో పట్టే బూజు నుంచి అఫ్లాటాక్సిన్లు పుడతాయి. అన్ని రకాలూ కలిపి మసాలా దినుసుల్లో మన దేశం ఒప్పుకునేది కిలోకి 30 మైక్రోగ్రాములు. ఎండుమిర్చి, కారాలకు ఐరోపా సమాఖ్య పెట్టుకున్న హద్దు 10. మన కాగితంలోని 12 ఇక్కడ అమ్మే పచ్చడికి సరిపోతుంది. అదే పచ్చడి జర్మనీలోని తెలుగు దుకాణానికి పంపాలంటే ఈ బ్యాచ్ వద్దు. సరుకు మారలేదు, గడిలో అంకె మారింది.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది మాత్రం ‘కనబడలేదు’ అన్న మాట. వెలిసిపోయిన పాతకాయ కారాన్ని కొత్తదానిలా ఎర్రగా చూపించడానికి కలిపే పారిశ్రామిక రంగులు సుడాన్ రంగులు. తిండిలో వీటికి చోటే లేదు. కనబడకపోవడం మంచిదే. కానీ ఎంత చిన్న మోతాదు వరకు చూడగలిగే పరీక్ష చేశారు? కిలోకి 10 మైక్రోగ్రాముల దాకా పట్టుకునే ల్యాబూ ‘కనబడలేదు’ అనే రాస్తుంది, 1000 మైక్రోగ్రాములకు లోపల ఏదీ చూడలేని ల్యాబూ అదే రాస్తుంది. రెండిటి మధ్య వందరెట్ల తేడా. అందుకే ఆ మాట పక్కన గుర్తింపు పరిమితి అంకె ఉండాలి. లేకపోతే “మీ డిటెక్షన్ లిమిట్ ఎంతండీ?” అని ఒక్క ప్రశ్న వేయండి. పరీక్ష నిజంగా చేయించినవాళ్ళు ల్యాబ్‌ని కనుక్కుని చెప్పగలుగుతారు.

ఇంత చూశాక కూడా ఒక హద్దు ఉంది. ల్యాబ్ రిపోర్టుల అడుగున ‘ఈ ఫలితాలు మాకు అందిన శాంపిల్‌కే వర్తిస్తాయి’ అన్న వాక్యం ఉంటుంది. శాంపిల్ తీసింది ల్యాబ్ మనిషా, మిల్లువాళ్ళా అన్నది అక్కడ తేలుతుంది. అఫ్లాటాక్సిన్ సరుకంతా సమానంగా పరుచుకోదు, ఒక్కోచోట ముద్దలా ఉంటుంది. ఒక్క బస్తా పైపొర నుంచి తీసిన పిడికెడు కారం శుభ్రంగా తేలినా, అడుగు బస్తా అలా ఉండకపోవచ్చు. మిల్లు సొంత ల్యాబ్ కాగితమైతే దానికి జతగా ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉన్న బయటి ల్యాబ్ రిపోర్టు అడగవచ్చు. గుర్తింపు ల్యాబ్‌కి మొత్తంగా ఉందంటే చాలదు, ఆ ఫలానా పరీక్షకు ఉందో లేదో చూడాలి. లేని పరీక్షల పక్కన ఆ సంగతి గుర్తు పెట్టి ఉంటుంది.

యాభై కిలోలు కొనేవాళ్ళు ప్రతిసారీ సొంతంగా పరీక్ష చేయించుకోలేరు. ఒకే బ్యాచ్ కొన్న ముగ్గురు నలుగురు కలిసి సుడాన్, అఫ్లాటాక్సిన్ రెండిటికే డబ్బులు వేసుకుంటే భారం తగ్గుతుంది. బస్తాలు దిగిన రోజే ప్రతిదాంట్లోనూ పై నుంచీ మధ్య నుంచీ అడుగు నుంచీ కాస్త కాస్త తీసి, కలిపి, పావుకిలో గాలి చొరని డబ్బాలో వేసి, బ్యాచ్ నంబరూ తేదీ రాసి, ఎండ తగలని చోట పెట్టండి. ఆ బ్యాచ్‌తో పట్టిన చివరి సీసా గడువు తీరేదాకా ఆ డబ్బా కదపకండి. ఎవరైనా ఫిర్యాదు చేస్తే ల్యాబ్‌కి పంపడానికి అదొక్కటే మిగిలి ఉంటుంది.